షెడ్డు తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలె?



పోయిన పంట నాలుగో జ్వరానికి కూర్చున్న రోజే నేను ముంబయి రైలెక్కిన. పది రోజులు షెడ్డు మొహం చూడలేదు. మా ఊర్ల నలుగురు "పంట మీద ఆశ వదులుకున్నడా ఏంది" అన్నరు. తిరిగొచ్చేసరికి పురుగులు నేత్రికల మీద గూళ్లు కట్టి ఉన్నయి. 200 గుడ్లకు 142 కిలోలు దిగినయి. నేను ఇంట్లో ఉండి పెంచినప్పుడు వచ్చేది కూడ ఇంచుమించు ఇంతే. అందుకే ఈసారి మేత గురించో, మందు గురించో కాకుండ, మనం లేకుండ షెడ్డు ఎట్ల నడవాలె అనే దాని మీద నా అభిప్రాయం రాస్తున్న.

ఇది మొదటిసారే కుదరలేదు. రెండేండ్ల కింద మా పెదనాన్న పోయిండని ముంబయి పోవాల్సి వచ్చింది. వాళ్లది నాగ్‌పాడా పక్కనున్న కామాఠిపురా. ఇండ్లు, రోడ్లు కట్టే పనులకు మన తెలుగు నేల నుంచి పోయిన కామాఠీల పేరు మీదనే ఆ వాడకు ఆ పేరొచ్చింది. ఇప్పటికీ ఆ చాళ్లల్ల మన మాట వినిపిస్తది. అప్పుడు కూడ పురుగులు నాలుగో జ్వరంలనే ఉన్నయి. "అన్నీ చూసుకోండ్రి" అని ఒక్క మాట చెప్పి పోయిన. మూడు రోజులకు వచ్చి చూస్తే, సగం కంటె కొంచెం ఎక్కువ పురుగులు లేవంగనే మేత వేసిండ్రు. ముందు లేచినవి తిని పెరిగినయి, వెనుక లేచినవి ఆకు కింద పడ్డయి. ఐదో దశ అంతా చిన్నా పెద్దా కలిసే ఉన్నయి. పండడం ఒక్క రోజుల కావాల్సింది నాలుగు రోజులు సాగింది. గూళ్లు ఒక్క తీరు లేక జనగామ మార్కెట్ల ధర తగ్గింది.

అప్పుడు పనోని మీద కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు నాది. "అన్నీ చూసుకోండ్రి" అనేది పని అప్పజెప్పడం కాదు, మన భయాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టడం. మా పెదనాన్న కొడుకు అక్కడ ఇండ్ల మరమ్మతు, రంగుల కాంట్రాక్టులు చేస్తడు. ఒకేసారి మూడు చోట్ల పని నడుస్తది. "మూడు సైట్ల ఎట్లుంటవ్ అన్నా?" అని అడిగిన. "నేనెక్కడా ఉండ. గోడ ఎంత తడపాలె, పుట్టీ ఎన్నిసార్లు పెట్టాలె, ఎప్పుడు నాకు ఫోన్ చెయ్యాలె అన్నది మేస్త్రీకి తెలుసు. నువ్వు పనోన్ని పెట్టుకున్నవు గని, వానికి పని ఇయ్యలేదు తమ్మీ" అన్నడు. ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చిన.

ఇంటికొచ్చినంక ఒక నోటుబుక్కుల షెడ్డు పనులన్నీ రాసిన. అవి మూడు రకాలుగ తేలినయి. గడియారం చూసి చేసేవి కొన్ని, గుర్తు చూసి చేసేవి కొన్ని, బుర్ర పెట్టి తేల్చేవి కొన్ని. మొదటి రెండు రకాలు ఎవరైన చెయ్యొచ్చు. మూడో రకానికే యజమాని కావాలె. మనం చేసే తప్పేందంటే, మూడూ కలిపి మన నెత్తిన వేసుకుంటం. లేకుంటే మూడూ కలిపి పనోని మీద వదిలేస్తం.

గడియారం పనులు సులువు. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి కొమ్మ మేత. మేతకు ముందు థర్మామీటర్ చూసి గోడ మీది కాగితంల రాయాలె. ఇక్కడ "సరిపోయేటంత" అనే మాట ఎక్కడా ఉండొద్దు. బెడ్ డిస్‌ఇన్‌ఫెక్టెంట్ చదరపు అడుగుకు 5 గ్రాములు అని మనకు తెలుసు. కాని పనోడు అడుగులు కొలిచి గ్రాములు లెక్కపెడుతూ కూర్చోడు. మా రాక్‌ల ఒక అంతస్తు 5 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. అంటే 150 చదరపు అడుగులు, 750 గ్రాములు. ఒక డబ్బా తీసుకొని, 750 గ్రాములు తూచి పోసి, అక్కడ ఎర్ర గీత పెట్టిన. ఇప్పుడు మాట ఒక్కటే, "అంతస్తుకు గీత దాక ఒక డబ్బా."

గుర్తు పనులే అసలు కష్టం. నాలుగో జ్వరం లేచినంక మొదటి మేత ఎప్పుడు వెయ్యాలె? నేనైతే బెడ్ మీద ఒక చూపు చూసి చెప్పేటోన్ని. "ఎట్ల తెలుస్తది?" అంటే "చూస్తే తెలుస్తది" అనేటోన్ని. ఆ చూపును లెక్కగా మార్చకుంటె అది ఎప్పటికీ ఇంకొకరి చేతికి పోదు. మేం పెట్టుకున్న లెక్క ఇది. బెడ్‌ల ఐదు చోట్ల, చోటుకు 20 చొప్పున 100 పురుగులు చూడాలె. అంచున రెండు చోట్ల, నడుమ మూడు చోట్ల. తల ఎత్తి కదలకుండ ఉన్నవి, తల మీద చిన్న నల్ల మచ్చ కనబడేవి ఇంకా జ్వరంల ఉన్నట్టు. అవి ఐదుకు మించి ఉంటె మేత వెయ్యొద్దు, రెండు గంటలాగి మళ్లీ లెక్కపెట్టాలె. ఐదు, అంతకు తక్కువుంటె డబ్బా పొడి చల్లి, అరగంట ఆగి మేత వెయ్యాలె. జ్వరానికి కూర్చునేటప్పుడు కూడ ఇదే లెక్క. 100ల 90 కూర్చుంటె మేత ఆపి, సున్నం చల్లి, బెడ్ పొడిగ ఉంచాలె.

వేడికీ అంతే. ఐదో దశల 24 నుంచి 26 డిగ్రీల నడుమ ఉంటె ఏం చెయ్యొద్దు. 28 దాటితే కిటికీలకు తడి గోనెలు కట్టి, గాలి ఆడేటట్టు చూడాలె. 30 దాటితే నాకు ఫోన్ చెయ్యాలె. ఆకు మీద నీళ్లు మాత్రం చల్లొద్దు. ఎక్కువ తేమైతే రోగమొస్తదన్న సంగతి వాళ్లకు కారణంతో సహా చెప్పిన. కారణం తెలిసినోడు కాగితంల లేని కష్టమొచ్చినా తప్పుదోవ పట్టడు.

మూడో రకంల మూడే మూడు పెట్టుకున్న. రోగం, పెద్ద ఖర్చు, అమ్మకం. రోగానికి గుర్తు కూడ లెక్కనే. రోజూ చచ్చినవి, ఉబ్బినవి ఏరి బ్లీచింగ్ నీళ్ల బకెట్‌ల వెయ్యాలె, ఎన్నో రాయాలె. నిన్నటి కంటె రెండింతలైతే వెంటనే ఫోన్. ఖర్చుకు 2,000 రూపాయలు మా ఇంటామె దగ్గర పెట్టి, అంతలోపు నన్ను అడగొద్దని చెప్పిన. కరెంటు పోతే మోటరుకు డీజిల్ తేవడానికి కూడ ముంబయికి ఫోన్ చేసి అడిగే పద్ధతి ఉంటె, అది అప్పజెప్పడం ఎట్లయితది?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలె. ఈ లెక్కలన్నీ కాగితం మీద పెడుతుంటె మా ఇంటామె నవ్వింది. "ఇవన్నీ నేను పదేండ్ల సంది చేస్తనే ఉన్న. మేత వెయ్యమని నువ్వు చెప్పేదాక ఆగుడు ఒక్కటే నాకున్న పని" అన్నది. నిజమే. మన షెడ్లల్ల సగం పని ఆడోళ్లదే, నిర్ణయం మాత్రం మనది. చాల ఇండ్లల్ల కొత్తగ మనిషిని వెతికే అవసరం లేదు. ఉన్న మనిషికి నిర్ణయం ఇస్తె చాలు.

కాగితం గోడకు అతికించి మరునాడే ఊరు పోతే మళ్లీ మొదటి కథనే అయితది. అంతకు ముందు పంటల నేను ఇంట్లనే ఉన్న, కాని షెడ్డులకు పోలేదు. రోజుకొకసారి సాయంత్రం పోయి కాగితం చూసొచ్చేటోన్ని. నోరు కట్టుకోవడం అన్నిటికంటె కష్టమైంది. నాలుగో రోజు మధ్యాహ్నం మేత గంటన్నర ఆలస్యమైంది. అరవాలనిపించింది, ఆగిన. సాయంత్రం అడిగితే, కోసిన ఆకు ఎండల పెట్టడంతోని వాడిపోయిందట, మళ్లీ కోసి తెచ్చిండ్రట. కాగితంల "ఆకు పొద్దున్నే కోసి, నీడల తడి గోనె కప్పాలె" అనే ముక్క లేదు. అది మనిషి తప్పు కాదు, కాగితం తప్పు. ఆ పంటల అట్ల ఆరు ముక్కలు కలిసినయి. నేను దూరంల ఉన్నప్పుడు ఆ ఆరూ ఒకేసారి వచ్చి ఉంటె పంట పోయేది.

మరి పని అయిందో లేదో ఎట్ల తెలుస్తది? గంటకో ఫోన్ చేస్తె అది షెడ్డుల ఉన్నట్టే. మేం రాత్రి మేత అయినంక ఒక్కసారి కాగితం ఫోటో, బెడ్ ఫోటో పెట్టే అలవాటు చేసినం. ఒక జాగ్రత్త చెప్త. కాగితంల మూడు పూటలా 25, 25, 25 అని ఒకే తీరు రాత కనబడితె, అది థర్మామీటర్ చూసి రాసింది కాదు, రాత్రి కూర్చొని ఒకేసారి నింపింది. నిజమైన కాగితంల మధ్యాహ్నం వేడి పెరుగుతది, చచ్చిన పురుగుల లెక్క రోజుకో తీరుంటది. మనం ఒక చెడు కబురుకు అరిస్తె, ఆనాటి నుంచి అన్నీ మంచి కబుర్లే వస్తయి. ఈ పంటల ఆరో రోజు చచ్చిన పురుగులు 14 నుంచి 31 అయినయని నాకు ఫోన్ వచ్చింది. ఫోటో చూసిన, ఒక మూలన తడి ఆగింది. ఆ చోట బెడ్ పలుచగ చేసి సున్నం చల్లమన్న. రెండు రోజులకు లెక్క దిగింది. ఆ పది రోజులల్ల నా పని అంత మటుకే.

అన్నీ అప్పజెప్పమని నేననడం లేదు. పంటకు ముందు షెడ్డు శుద్ధి నేనే దగ్గరుండి చేయిస్త. అక్కడ జరిగిన లోపం 20 రోజుల తర్వాత గని బయటపడదు, కాగితం దాన్ని పట్టలేదు. చాకీ పురుగులు తెచ్చే రోజు, గూళ్లు అమ్మే రోజు కూడ నేనుంట. 50, 75 గుడ్లు మాత్రమే పెంచుకుంటూ ఇద్దరే పనిచేసే ఇంటికి ఈ కాగితాలన్నీ అవసరం రావు. వాళ్లకు జ్వరం లెక్క, డబ్బా గీత, ఈ రెండే చాలు. బరువు తీసుకున్న మనిషికి ఫలం కూడ అందాలె. మేం కూలితోపాటు 130 కిలోలు దాటిన ప్రతి కిలోకు కొంత లెక్కగట్టి ఇస్తున్నం.

"యజమాని నీడ లేకుంటె పురుగు బతకదు" అని మనోళ్లు అంటరు. పురుగుకు కావాల్సింది ఆకు, గాలి, సరైన వేళ. మన నీడ కాదు. ఏడాదికి ఐదారు పంటలు తీసేటోడు పెండ్లికి, చావుకు, దవాఖానకు పోకుండ ఎన్నేండ్లు ఉంటడు? పోవాల్సిన రోజు మనల్ని అడిగి రాదు. వచ్చే పంటల ఒక్క పని చేసి చూడండ్రి. నాలుగో జ్వరం లేచే రోజు మీరు బయట కూర్చొని, ఆ 100 పురుగులు మీ ఇంటామెతోనో, మీ పనోనితోనో లెక్కపెట్టించండ్రి. వాళ్ల లెక్కకు, మీ చూపుకు తేడా ఎంతొచ్చిందో ఈ గ్రూపుల రాయండ్రి. నాకైతె తేడా రాలేదు.