దొండకాయ లాంటి స్వరాలతో నిద్ర పాట

పడుకునేముందు ఫోనులో "నిద్ర సంగీతం" పెట్టుకునే అలవాటు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. పెట్టిన పది నిమిషాలకు మధ్యలో ఏదో ప్రకటన వచ్చి కెవ్వుమంటుంది, లేదా ఫ్లూటు ఒక్కసారి పైకి లేస్తుంది, అంతే! మూతపడుతున్న కళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. పిల్లల చిన్న కీబోర్డు, కంప్యూటరు ఇంట్లో ఉంటే అలాంటి ట్రాకు మనమే తయారు చేసుకోవచ్చు. సంగీతం వచ్చి ఉండాలన్న నియమం కూడా లేదు. మూడు మెట్లు నొక్కడం వస్తే చాలు. ఈ వారం 45 నిమిషాల ట్రాకు ఒకటి మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం.

ముందు అసలు సంగతి చెప్పుకుందాం. తాళం ఉన్న పాట వింటుంటే మనకు తెలియకుండానే మనసు తర్వాతి దెబ్బ కోసం కాచుకుని ఉంటుంది. కాలివేలు కదుపుతాం చూడండి, అదే గుర్తు. అలా కాచుకునే మనసు నిద్రపోదు. అందుకే ఈ ట్రాకులో తాళం ఉండదు. స్వరం కూడా తలుపు తట్టినట్టు మొదలుకాకూడదు. తెల్లవారే వెలుగులా ఎప్పుడు వచ్చిందో తెలియకుండా వచ్చి, అలాగే వెళ్లిపోవాలి. ఇలా నెమ్మదిగా ఉబ్బి నెమ్మదిగా తగ్గే పొడుగాటి స్వరాన్నే సంగీతం చేసేవాళ్లు "ప్యాడ్" అంటారు.

ఇక రెండో చిక్కు. ఒకే ముక్కను తిప్పి తిప్పి వేస్తే ఐదు నిమిషాల్లో చెవి దాన్ని పట్టేస్తుంది. "ఇప్పుడు ఇది వస్తుంది" అని మళ్లీ కాచుకోవడం మొదలు! దీనికి ఇంగ్లండుకు చెందిన బ్రయాన్ ఈనో 1978లో తన "మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్" రికార్డులో చక్కటి ఉపాయం వాడాడు. ఆడవాళ్ల గొంతులతో పాడించిన ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు చుట్టగా చేసి, ఆ చుట్టల పొడుగులు ఒకదానితో ఒకటి కలవకుండా పెట్టాడు. ఒకటి 23న్నర సెకండ్లకు, ఇంకొకటి దాదాపు 26కి, మరొకటి దాదాపు 30కి తిరిగి వస్తాయి. ప్రతి స్వరం తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది, కానీ వాటి కలయిక మాత్రం ప్రతిసారీ వేరు. మనమూ అదే చేద్దాం. మన చుట్టలు 37, 29, 23 సెకండ్లవి. ఈ మూడూ మొదలైన వరుసలోనే మళ్లీ కలవాలంటే 24,679 సెకండ్లు, అంటే దాదాపు 6 గంటల 51 నిమిషాలు పడుతుంది. ఈలోగా తెల్లారిపోతుంది కదండీ!

స్వరాలు ఏవి? కింది స, దాని మీది ప, ఆ పైన రి. ఒకటో శ్రుతిలో అయితే కీబోర్డు మధ్యనున్న సి మెట్టుకు ఒక స్థాయి కింది సి, ఆ పక్కనే పైకి జి, మధ్య సి దాటాక వచ్చే డి. స నుంచి ప ఎంత దూరమో, ప నుంచి ఆ రి కూడా అంతే దూరం, అందుకే మూడూ ఒద్దికగా ఉంటాయి. గ వెయ్యలేదు గమనించారా? గ చేరితే సంతోషమో దిగులో ఏదో ఒక రంగు వచ్చేస్తుంది. ని కూడా వద్దు. ని వినగానే స ఎప్పుడొస్తుందా అని చెవి ఎదురుచూస్తుంది.

ఇప్పుడు రికార్డింగు. కీబోర్డులో తాళం, ఆటోమేటిక్ వాద్యాలు అన్నీ ఆపెయ్యండి. "స్ట్రింగ్స్" లేదా "ప్యాడ్" అనే గొంతును ఎంచుకోండి. ఒక మెట్టు నొక్కి పట్టుకుని వినండి. స్వరం సెకనుకు ఐదారుసార్లు వణుకుతుంటే ఆ గొంతు మనకు పనికిరాదు, ఇంకొకటి చూడండి. మూడు స్వరాలూ ఒకే కీబోర్డు మీద తియ్యాలి. ఒకటి కీబోర్డులో, ఇంకొకటి హార్మోనియంలో తీస్తే శ్రుతి వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడా వల్ల రెండూ కలిసినప్పుడు "వూం వూం" అని గొంతు ఊగుతుంది. వద్దనుకున్న తాళం దొడ్డిదారిన లోపలికి వచ్చినట్టే.

కీబోర్డు హెడ్‌ఫోను రంధ్రంనుంచి తీగతో కంప్యూటరుకు కలిపితే మంచిది. మైకుతో తీస్తే ఫ్యాను ఆపండి, కిటికీలు వెయ్యండి. ఫ్యాను తిరుగుతుండగా తీస్తే దాని హోరు కూడా స్వరంతో పాటే పెరిగి తగ్గుతుంది. చివరకు పక్కన ఎవరో పెద్దగా ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది. స 24 సెకండ్లు, ప 20, రి 14 సెకండ్లు నొక్కి పట్టుకోండి.

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. మూడు స్వరాలనూ అందులో మూడు వేరు వేరు వరుసలుగా పెట్టండి. ఒక్కో స్వరానికీ ఈ వరుసలోనే పని చెయ్యండి, వరుస తప్పితే వంట చెడుతుంది.

ఒకటి: Normalize తో పై అంచు -6 డెసిబెల్స్‌కు తెచ్చి మూడింటినీ సమానం చెయ్యండి. రెండు: స్వరం మొదటి మూడోవంతును ఎంచుకుని Fade In, చివరి మూడోవంతును ఎంచుకుని Fade Out వెయ్యండి. తెరమీద స్వరం బొమ్మ దొండకాయలా కనబడాలి. రెండు కొసలూ సన్నం, నడుమ లావు. మొదలు గుమ్మడికాయలా ఉబ్బెత్తుగా ఉందంటే స్వరం ఒక్కసారిగా మీద పడుతుందన్నమాట. మూడు: Low-Pass Filter లో 1500 హెర్ట్జ్ ఇచ్చి పైనున్న పదును తగ్గించండి. గది తలుపు దగ్గరగా వేస్తే పక్కగది రేడియో ఎలా మెత్తబడుతుందో ఇదీ అంతే.

నాలుగు: Generate మెనూలోని Silence తో స్వరం చివర నిశ్శబ్దం చేర్చండి. సకు 13 సెకండ్లు, పకు 9, రికి 9. ఇప్పుడు పొడుగులు 37, 29, 23 అయ్యాయి. ఐదు: నిశ్శబ్దంతో సహా మొత్తం ఎంచుకుని Reverb వెయ్యండి. అందులో Church Hall అనే అమరిక సరిపోతుంది. గుడి మంటపంలో పాడినట్టు స్వరం వెనక గుంజన వస్తుంది. నిశ్శబ్దం చేర్చకముందే దీన్ని వేస్తే ఆ గుంజన తోక పుటుక్కున తెగిపోతుంది. ప్రతి చుట్టుకూ "టిక్" మని వినిపిస్తే జరిగింది ఇదేనని గుర్తుపట్టండి. ఆరు: Repeat తో సను ఇంకో 72 సార్లు, పను 92 సార్లు, రిని 116 సార్లు చేర్చండి. మూడూ 45 నిమిషాల దగ్గరకు వస్తాయి.

మూడూ ఒకేసారి మొదలుకాకుండా పను 11 సెకండ్లు, రిని 19 సెకండ్లు వెనక్కి జరపండి. వరుసకు ఎడంపక్కనున్న గోళీని జరిపి సను -9, పను -12, రిని -18 డెసిబెల్స్ దగ్గర పెట్టండి. సన్నని స్వరం చెవికి ముందు తగులుతుంది, అందుకే రి బాగా తక్కువ. తగ్గించకుండా మూడూ నిండుగా కలిస్తే హద్దు దాటి గరగరమంటాయి.

అప్పుడప్పుడు మూడూ ఒకేసారి ఆగిపోయే కొన్ని సెకండ్లు వస్తాయి. ఆ ఖాళీలో వీధికుక్క అరుపు మామూలుకంటే గట్టిగా వినిపిస్తుంది. అందుకని అడుగున పలచగా ఒక పరుపు వేద్దాం. Noise లో Brownian ఎంచుకుని Amplitude 0.05 ఇవ్వండి. దూరంగా వాన పడుతున్నట్టు ఉండే మెత్తని హోరు వస్తుంది. అది ప్రత్యేకంగా వినబడకూడదు, తీసేస్తే మాత్రం లోటు తెలియాలి. ఎక్కువనిపిస్తే ఇంకా తగ్గించండి.

ఇక ట్రాకు నెమ్మదిగా మారుతూ పోవాలి. Envelope అనే పనిముట్టుతో వరుస మీద అక్కడక్కడా చుక్కలు పెట్టి శబ్దాన్ని వాలుగా దించవచ్చు. రిని మొదటి 10 నిమిషాలు అలాగే ఉంచి, 25వ నిమిషానికి పూర్తిగా దించండి. ప 20వ నిమిషంనుంచి తగ్గుతూ 38కి మాయం కావాలి. ఆఖరికి సా, ఆ వానహోరూ మిగులుతాయి. అవి చివరి 7 నిమిషాల్లో దిగిపోవాలి. ఈ చివరి దిగుడును తొందరపెట్టకండి. ఉన్న శబ్దం ఠక్కున ఆగిపోయినా పసిపిల్లలు ఉలిక్కిపడి లేవడం మీకు తెలిసిందే.

తయారయ్యాక మంచం మీద కాదు, వంటింట్లో పరీక్ష చెయ్యండి. చిన్నగా పెట్టుకుని గిన్నెలు సర్దుకోండి. "ఇదిగో ఇప్పుడు మొదలైంది" అని స్వరం మీ దృష్టిని లాగిందంటే దాని Fade In ఇంకా పొడుగు కావాలి. సగం పని అయ్యాక "అవునూ, ట్రాకు మోగుతోంది కదూ" అని గుర్తొచ్చిందంటే బాగా కుదిరినట్టు. ఫోను స్పీకరులో మాత్రం పరీక్షించకండి. కింది స 131 హెర్ట్జ్‌ది, అంత బొంగురు స్వరాన్ని ఫోను సరిగా పలికించలేదు. చిన్న బయటి స్పీకరైనా ఉండాలి. అది లేనివాళ్లు మూడు స్వరాలనూ ఒక స్థాయి పైకి జరిపి తీసుకోండి.

స్పీకరు దిండు పక్కన వద్దు, గదిలో ఆ మూల పెట్టండి. మీరు మామూలుగా మాట్లాడే గొంతుకంటే బాగా తక్కువగా మోగాలి. పసిపాప ఉన్న గదిలో ఉయ్యాలకు ఇంకా దూరంగా, ఇంకా చిన్నగా. ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని నిద్రపోవద్దు. ఫోనులో ఆ తర్వాత వేరే పాట దానంతటదే మొదలు కాకుండా చూసుకోండి, లేకపోతే పడ్డ శ్రమంతా నీళ్లపాలే.

ఒక్కమాట. ఈ ట్రాకు మనసుకు పట్టుకునే కొమ్మ లేకుండా చేస్తుంది, అంతవరకే దాని పని. సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగు కాఫీని అది అరిగించదు, గురకను ఆపదు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే, లేదా నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారని పక్కవాళ్లు చెబితే, కీబోర్డు పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇంకో సౌకర్యం ఏమిటంటే మూడు వరుసలూ విడివిడిగా దాచుకుంటే రేపు మార్చుకోవచ్చు. మీ అత్తగారికి రి చెవిలో గుచ్చుతోందంటే ఆ ఒక్క వరుసనే తీసెయ్యండి. స, ప మాత్రమే మిగిలినా తంబురా పక్కన పడుకున్నట్టు హాయిగానే ఉంటుంది.