జేడీని తిరగరాస్తే సమ్మరీ కాదు

మొన్న ఒక గృహప్రవేశంలో, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న ఒకాయన ఒక పిల్లాడికి ఉద్యోగ రహస్యం బోధిస్తున్నారు. ఆయనకు రెజ్యూమేలు దిద్దిపెట్టే వ్యాపారం ఉందట. "పైన ఉండే సమ్మరీ మనిషి కోసం కాదు బాబూ, మెషీన్ కోసం. జేడీలో ఉన్న మాటలన్నీ అక్కడ గుమ్మరించు. పట్టనివి తెల్ల అక్షరాల్లో దాచెయ్. ఏటీఎస్ స్కోరు తొంభై దాటుతుంది" అన్నారు. పిల్లాడు తల ఊపాడు. వడ్డించేవాడు కూడా ఊపాడు.

ఈ బోధ వల్ల నాకు దక్కుతున్నది ఏమిటో చెబుతాను. అకౌంట్స్ విభాగానికి మనుషులను ఎంచే పని చాలాకాలంగా నా మెడకు చుట్టుకుని ఉంది. ప్రకటన ఇచ్చిన మర్నాడు వచ్చే రెజ్యూమేల్లో సగానికి పైగా మా జేడీనే మాకు తిరిగి పంపుతున్నాయి. "డైనమిక్, రిజల్ట్ ఓరియెంటెడ్ ప్రొఫెషనల్, అకౌంట్స్ పేయబుల్, త్రీ వే మ్యాచ్, జీఎస్టీ, టీడీఎస్, వెండర్ రీకన్సిలియేషన్, ఎస్ఏపీ, టీమ్ ప్లేయర్" అని మేం రాసినదే, మా కామాలతో సహా. మా అవసరం మాకు తెలుసు కదా, దాన్ని మళ్లీ మాకే వినిపించడం దేనికి?

తెల్ల అక్షరాల సంగతి కూడా తేల్చేద్దాం. సాఫ్ట్‌వేర్ ఫైల్లోంచి అక్షరాలను లాగినప్పుడు రంగు మిగలదు. దాచానని మురిసిపోయిన మాటలన్నీ మా తెరమీద నల్లగా, వరసగా, సిగ్గులేకుండా నిలబడతాయి. ఇక స్కోరు. రిక్రూటర్ కొన్ని మాటలు కొట్టి వెతుకుతాడు, నిజమే. కానీ ఆ వెతుకులాట రెజ్యూమే మొత్తంలో జరుగుతుంది, పైన మూడు లైన్లలోనే కాదు. చాలామందిని ముందుగా పక్కకు తోసేది నోటీస్ పీరియడ్, ఊరు, జీతం గురించిన ప్రశ్నలే. ప్రకటనలో "అకౌంట్స్ పేయబుల్" అని ఉంటే మీ పాత ఆఫీసు వాడుక "పర్చేజ్ బిల్లులు" కాకుండా ఆ మాటే వాడండి. ఆ పెద్దమనిషి వాదంలో పనికొచ్చేది అంతే.

అసలు లోపం ఇలా కాపీ కొట్టేవాళ్లు జేడీ చదివే తీరులో ఉంది. అందులో పద్నాలుగు లైన్లుంటే పద్నాలుగింటినీ ఒకే బరువుతో చదువుతారు. నిజానికి పది లైన్లు పాత ప్రకటనలోంచి ఎవరో అతికించినవి. మంచి కమ్యూనికేషన్, ఎంఎస్ ఆఫీస్, ఒత్తిడిలో పనిచేయగలగడం లాంటివి వంటమనిషి కోసం ఇచ్చే ప్రకటనలోనూ ఉండొచ్చు. మిగిలిన మూడు నాలుగు లైన్లలోనే ఆ సీటు ఎందుకు ఖాళీగా ఉందో దాగి ఉంటుంది.

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ పేయబుల్ ఎగ్జిక్యూటివ్ కావాలని ప్రకటన ఇచ్చిందనుకోండి. అందులో ఒకచోట "వెండర్ ఏజింగ్ రిపోర్టు" అని ఉంటుంది. కాస్త కిందికి వెళితే "వెండర్ల ప్రశ్నలకు సకాలంలో జవాబు". ఇంకా కిందికి వెళితే "ఎంఎస్ఎంఈ చెల్లింపుల పర్యవేక్షణ". కాపీ కొట్టేవాడికి ఇవి మూడు కీవర్డులు. అకౌంట్స్ తెలిసినవాడికి మూడూ ఒకే నొప్పి: అక్కడ బిల్లులు నిలిచిపోతున్నాయి, సరఫరాదారులు ఫోన్లు చేసి తిడుతున్నారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటి, ఏడాది చివరికి కూడా కట్టకపోతే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఆ సంవత్సరం చూపుకోనివ్వరు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఇదే నియమం. ఈ దెబ్బ తిన్న ఫైనాన్స్ మేనేజరే ఆ లైను రాయించి ఉంటాడు.

అదే ప్రకటనలో "జీఎస్టీఆర్-2బి రీకన్సిలియేషన్ తప్పనిసరి" అని ఉందనుకోండి. ఆ "తప్పనిసరి" ఊరికే పడలేదు. 2022 జనవరి నుంచి సరఫరాదారు అప్‌లోడ్ చేసి, మన 2బిలో కనిపించిన బిల్లుకే పన్ను క్రెడిట్ వస్తుంది. 14వ తేదీన 2బి వస్తుంది, 20లోపు 3బి దాఖలు చేయాలి. ఆ ఆరు రోజుల్లో కనిపించని బిల్లులను పట్టుకుని వెండర్ల వెంట పడే మనిషి వాళ్లకు కావాలి.

ఇప్పుడు సమ్మరీ ఎలా ఉండాలి? "నాలుగేళ్లుగా ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో అకౌంట్స్ పేయబుల్. నెలకు దాదాపు 900 ఇన్వాయిస్‌లను పీవో, జీఆర్ఎన్‌లతో సరిపోల్చి ఎస్ఏపీలో బుక్ చేస్తాను. ప్రతి నెలా 2బితో కొనుగోలు రిజిస్టరు సరిచూసి, కనిపించని బిల్లులకు వెండర్లను వెంటాడి అప్‌లోడ్ చేయిస్తాను. చిన్న సంస్థల బకాయిలు 45 రోజుల గడువుకు ముందే చెల్లింపు జాబితాలోకి ఎక్కేలా వారంవారం ఏజింగ్ చూస్తాను." అంతే. "డైనమిక్" లేదు, "టీమ్ ప్లేయర్" లేదు. టీడీఎస్ కూడా పైకి రాలేదు, కింద అనుభవంలో ఉంటే చాలు. జేడీలోని మాటలు వచ్చాయి, కానీ పనికి అతుక్కుని వచ్చాయి. ఈ నాలుగు వాక్యాల్లో ప్రతిదానికీ కింద అనుభవం భాగంలో ఒక లైను సాక్ష్యంగా ఉండాలి. లేకపోతే పైది అప్పు తెచ్చుకున్నదని చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

కాపీ సమ్మరీ ఇంటర్వ్యూలో ఎంతసేపు నిలుస్తుందో ఎన్నోసార్లు చూశాను. ఒక్క ప్రశ్న చాలు: "పీవో వంద, జీఆర్ఎన్ వంద, ఇన్వాయిస్ నూటపది. ఏం చేస్తారు?" నిజంగా పని చేసినవాళ్లు బిల్లు చెల్లింపును ఆపుతామని, స్టోర్స్‌ను అడుగుతామని, పది ఎక్కువ రాలేదని తేలితే వెండర్ నుంచి క్రెడిట్ నోట్ తెప్పిస్తామని చెబుతారు. ఎస్ఏపీలో ఆ బ్లాక్ తీసేది MRBR అని కొందరు వాళ్లంతట వాళ్లే అనేస్తారు. సమ్మరీలో "త్రీ వే మ్యాచ్ ఎక్స్‌పర్ట్" అని రాసుకున్న కుర్రాడు ఒకడు "మేనేజర్ చెప్పినట్టు చేస్తాం సార్" అన్నాడు. టీ తాగించి పంపాను.

ఎస్ఏపీ అడిగారు, మీకు టాలీ మాత్రమే వచ్చు, అప్పుడేం రాయాలి? టాలీ అనే రాయండి. "టాలీలో, ఎక్సెల్ సాయంతో అదే మ్యాచింగ్ చేస్తాను" అన్నది నిజం, దానికో విలువ ఉంది. ఎస్ఏపీ లేకుండా కుదరదన్న చోట ఎలాగూ కుదరదు. కొత్తగా డిగ్రీ అయినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు చేసిన ప్రాజెక్టో ఆర్టికల్‌షిప్పో ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది.

పైన కాపీ సమ్మరీ ఉన్న రెజ్యూమే కిందికి వెళితే మరో వింత. తండ్రి పేరు, పెళ్లయిందో లేదో, "పై వివరాలన్నీ సత్యమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను" అనే ప్రమాణపత్రం, దాని కింద ఊరు, తేదీ. పైన రాసింది మనది కానప్పుడు కింద ఈ ప్రమాణం ఎవరి తరఫున? ఆ అరపేజీ చోటులో రెండు నిజమైన పనులు పట్టేవి.

కొన్ని జేడీలు ఎంత చదివినా నొప్పి ఎక్కడుందో చెప్పవు, నాకూ తెలుసు. వాటిని రాసినవాళ్లూ కాపీయే కొట్టారు. అలాంటప్పుడు ఫోన్ చేసిన రిక్రూటర్‌ను ఒకే ప్రశ్న అడగండి: ఈ సీటులో ఇంతకుముందు ఉన్నవాళ్లు ఏ పని దగ్గర ఇరుక్కున్నారు? అతనికి తెలియకపోతే మేనేజర్‌ను అడిగి చెప్పమనండి. జవాబు వచ్చాకే సమ్మరీ రాసి పంపండి.