ఒక్క గది కోసం వఠారం గేటుకే తాళం

2013 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ ఫ్రీ యూనివర్సిటీ వెబ్‌సైటు చాలామందికి తెరుచుకోవడం మానేసింది. పేరుకు యూనివర్సిటీయే గానీ అక్కడ ఫీజుల్లేవు, డిగ్రీల్లేవు. ఎవరైనా వెళ్లి ఉపన్యాసాలు వినొచ్చు, అంతే. (మనకీ ఒకటుంటే బావుణ్ణు!) అలాంటి సైటును ఎవరు ఆపుతారు, ఎందుకాపుతారు? వాళ్లకే అర్థం కాలేదు. ఇంటర్నెట్ కంపెనీని అడిగితే, ఆ అడ్రసును ప్రభుత్వం ఆపించిందని మాత్రం తెలిసింది.

అసలు సంగతి మే నెలలో బయటపడింది. కంపెనీలపైనా పెట్టుబడులపైనా నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఏసిక్, జనాన్ని మోసం చేస్తున్న ఒక పెట్టుబడుల సైటును ఆపమని ఇంటర్నెట్ కంపెనీలను కోరింది. కానీ ఆపమని ఇచ్చింది సైటు పేరు కాదు, దాని ఐపీ అడ్రసు. అదే అడ్రసులో సుమారు 1,200 సైట్లు కాపురం ఉన్నాయి. ఫ్రీ యూనివర్సిటీ వాటిలో ఒకటి.

ఒకే అడ్రసులో అన్ని సైట్లు ఎలా ఉంటాయని నాకూ మొదట ఆశ్చర్యమే. మా అమ్మమ్మ వాళ్ల వఠారం తలుచుకుంటే తేలికైంది. వీధిలో ఒకటే డోర్ నంబరు, లోపల పది కాపురాలు. పాతరకం ఐపీ అడ్రసులు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే కాబట్టి ప్రతి చిన్న సైటుకూ సొంత అడ్రసు దొరకదు. అందుకే హోస్టింగ్ కంపెనీలు ఒక సర్వర్‌లో వందల సైట్లను సర్దుతాయి.

మనం సైటు పేరు టైపు చేయగానే ఫోను ముందు డీఎన్‌ఎస్‌ను అడిగి ఆ పేరుకు ఐపీ అడ్రసు తెలుసుకుంటుంది. తర్వాత ఆ అడ్రసుకు వెళ్లి, తనకు ఏ సైటు కావాలో చెబుతుంది. ఆ అడగడం ఇలా ఉంటుంది:

```
GET / HTTP/1.1
Host: example.com
```

రెండో వరుసలో ఉన్న పేరు చూసి సర్వర్ సరైన సైటును ఇస్తుంది. వఠారంలోకి వచ్చిన పోస్ట్‌మాన్ ఫలానావాళ్లిల్లు ఏదమ్మా అని అడిగినట్టన్నమాట. ఇక్కడే ఉంది కిటుకు. ఐపీ అడ్రసును ఆపమని చెప్పిన రౌటర్ ఈ పేరుదాకా రానే రాదు. ప్యాకెట్ మీదున్న అడ్రసు చూస్తుంది, జాబితాలో ఉంటే అవతల పడేస్తుంది. పోస్ట్‌మాన్‌ను వీధి గేటు దగ్గరే ఆపేస్తే, ఉత్తరం ఎవరిదైనా ఒకటే కదా.

ఇలా జరిగిందని పోల్చుకునే దారి ఉంది. `nslookup` కమాండుతో పేరు అడిగితే ఐపీ అడ్రసు మామూలుగానే వస్తుంది, కానీ పేజీ మాత్రం తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఇంకో కంపెనీ నెట్‌లో అదే సైటు హాయిగా తెరుచుకుంటుంది. సర్వరే చెడిపోతే ఎక్కడా తెరుచుకోదు. అదే అడ్రసులో ఉన్న మరో సైటు కూడా మీ నెట్‌లో మాత్రమే రాకపోతే అనుమానం బలపడుతుంది.

ఎలుక ఉందని ఇల్లు తగలబెట్టారు అందామంటే ఆ సామెత ఇక్కడ సరిగ్గా అతకదు. ఇల్లు తగలబెట్టేవాడికి అది ఇల్లని తెలుసు. ఒక అడ్రసులో అనేక సైట్లు ఉండొచ్చన్న సంగతే తమ సిబ్బందికి తెలియదని ఏసిక్ తర్వాత ఒప్పుకుంది! మరో సందర్భంలో వాళ్లు ఆపించిన అడ్రసులో ఏకంగా 2,50,000 సైట్లున్నాయట. వాటిలో చాలామటుకు ఖాళీవే అని సర్దిచెప్పారు గానీ, అది వాళ్ల అదృష్టం, జాగ్రత్త కాదు.

మోసాన్ని ఆపకూడదని నేననను. మా వీధిలోనే పెట్టుబడి పేరుతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కానీ ఐపీ అడ్రసు ఆపితే ఇబ్బంది ఎవరికి? మోసగాడు ఆ రోజే ఇంకో సర్వర్‌కు మారి, డీఎన్‌ఎస్‌లో కొత్త అడ్రసు రాసుకుంటాడు. ఆపారన్న సంగతి కూడా తెలియని పొరుగు సైట్లు అక్కడే ఉండిపోతాయి. పేరును ఆపడం కూడా లోపం లేనిదేం కాదు, డీఎన్‌ఎస్ మార్చుకున్నవాళ్లు తప్పించుకుంటారు. అయినా దాని దెబ్బ ఆ పేరున్నవాడికే తగులుతుంది.

ఇదేదో పాతకాలపు పొరపాటనీ అనలేం. 2022 ఆగస్టులో ఆస్ట్రియాలో కాపీరైట్ గొడవలో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఐపీ అడ్రసులు 11 ఆపేస్తే వేల సైట్లు మూగబోయాయి. నన్నడిగితే, ఐపీ అడ్రసును ఆపమనే ఏ ఉత్తర్వులోనైనా ఆ అడ్రసులో ఇంకెవరెవరున్నారో రాసి తీరాలి. ఆ పేర్లు రాయలేనివాళ్లు సంతకం పెట్టకూడదు. ఆపిన సైటు తెరిస్తే ఊరికే తిరిగే చక్రం కాకుండా, ఎవరు ఆపారో, ఎవరికి మొరపెట్టుకోవాలో చెప్పే పేజీ కనబడాలి. ఫ్రీ యూనివర్సిటీ వాళ్లకు ఆ ఒక్క పేజీ కనబడి ఉంటే, ఏ తలుపు తట్టాలో మొదటి రోజే తెలిసేది.