చెంచాడు మందు అంటే ఎంత?

రాత్రి తొమ్మిదింటికి బాబు ముక్కు దిబ్బడ వేసి ఊపిరాడక ఏడుస్తుంటాడు. వంటింట్లోంచి అత్తగారి కేక: "ఏమ్మా, వాడికి మందు పట్టావా? డాక్టరు చెంచాడు పొయ్యమన్నాడు కదా!" కోడలు గబగబా స్టాండులోంచి చేతికందిన స్పూను లాగుతుంది. మధ్యాహ్నం అత్తగారు పోసింది పెరుగు చెంచాతో, పొద్దున నాన్న పోసింది టీలో చక్కెర కలిపే చిన్న స్పూనుతో. ముగ్గురూ పోసింది "చెంచాడే". కానీ బాబు కడుపులోకి మూడుసార్లూ ఒకే కొలత మందు వెళ్ళిందా?

దగ్గు, జలుబు మందుల మాట ఎత్తితేనే తల్లులకు గుండె దడదడలాడుతున్న రోజులివి. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కోల్డ్‌రిఫ్ అనే సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిందని పరీక్షల్లో తేలింది. ఆ మందు వాడటం ఆపమని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ప్రజలకు చెప్పింది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదనీ ఇవ్వకూడదనీ, ఐదేళ్ళ లోపు వారికి కూడా మామూలుగా అవి వద్దనీ కేంద్ర ఆరోగ్య శాఖ ఆ నెలలోనే సూచించింది.

సీసాలో ఏముందో మనం ఇంట్లో కూర్చుని కనిపెట్టలేం. అది చూడాల్సింది ప్రభుత్వం. కానీ సీసాలోంచి బయటికి ఎంత వస్తోందో అన్నది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. విచిత్రమేమిటంటే, అక్కడే మనం ఎక్కువ నిర్లక్ష్యంగా ఉంటున్నాం.

డాక్టర్ల లెక్కలో టీ స్పూను అంటే 5 మి.లీ. మన వంటింటి స్పూను తయారుచేసిన వాడికి ఆ లెక్కతో పనేముంది? 2010లో గ్రీసు దేశంలో వైద్యులు ఏథెన్స్ పరిసరాల్లోని 25 ఇళ్ళకు వెళ్ళి, అక్కడి స్పూన్లన్నీ కొలిచారు. టీ స్పూన్లలో అన్నిటికన్నా చిన్నదానిలో 2.5 మి.లీ. పడితే, పెద్దదానిలో 7.3 మి.లీ. పట్టింది. అంటే దాదాపు మూడు రెట్ల తేడా! మన ఇళ్ళలో ఇంకా చిత్రంగా ఉంటుంది. నేను ఒక సిరంజిలో నీళ్ళు తీసుకుని మా ఇంటి చెంచాలు నింపి చూశాను. టీ స్పూనులో నాలుగు మి.లీ. కూడా పట్టలేదు. పాయసం తినే చెంచాలో ఎనిమిది పట్టింది. మీరూ ఒకసారి చేసి చూడండి, ఐదు నిమిషాల పని. పైగా ఇది నీళ్ళ లెక్క. సిరప్ చిక్కగా ఉంటుంది కనుక చెంచా అంచు దాటి కుప్పగా నిలబడుతుంది, కొంత చెంచాకే అంటుకుపోతుంది కూడా.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆరేళ్ళ బాబుకు డాక్టరు 5 మి.లీ. చొప్పున మూడు పూటలు రాశారనుకోండి. రోజుకు 15 మి.లీ. పాయసం చెంచాతో పోస్తే అది 24 అవుతుంది. అంటే దాదాపు రెండు మోతాదులు అదనం. ఇలాంటి మందులో ముక్కు కారడం తగ్గించేందుకు క్లోర్‌ఫెనిరమిన్, దిబ్బడకు ఫినైలెఫ్రిన్, తరచుగా జ్వరానికి పారాసెటమాల్ కూడా ఉంటాయి. మొదటిది ఎక్కువైతే పిల్లలు మత్తుగా పడి ఉంటారు, లేదా అర్థంపర్థం లేకుండా చికాకుపడతారు. రెండోది ఎక్కువైతే గుండె దడ, రక్తపోటు. ఇక జ్వరానికి విడిగా మరో పారాసెటమాల్ సీసా కూడా ఇంట్లో ఉంటే, అది రెండు వైపుల నుంచీ పోసినట్టే. దీనితో ఉన్న చిక్కేమిటంటే, ఎక్కువైన మొదటి రోజు పైకి ఏమీ తెలియకపోవచ్చు. లివర్ దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది. అందుకే ఎక్కువ పోశామని అనుమానం వస్తే "బాగానే ఆడుకుంటున్నాడుగా" అని ఊరుకోకుండా, సీసా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాలి.

తక్కువ పోయడం వల్ల ప్రమాదం లేదనుకోకండి. చిన్న స్పూనుతో పోసి, "ఈ మందు పనిచెయ్యట్లేదు" అని మూడో రోజున ఇంకో సీసా కొనేవాళ్ళు ఎందరో. అప్పుడు ఒకే రకం మందు రెండు పేర్లతో పిల్లాడి ఒంట్లోకి చేరుతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది డ్రాప్స్ సీసా గురించి. డ్రాప్స్ అంటే పలచని మందు, చిన్నపిల్లలది కదా అనుకుంటాం. నిజానికి అది చిక్కటి మందు. పసివాళ్ళు ఎక్కువ మింగలేరు కనుక కొద్ది చుక్కల్లోనే ఎక్కువ మందు పెడతారు. పారాసెటమాల్ డ్రాప్స్‌లో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే, మామూలు సిరప్‌లో ఐదు మి.లీ.కి 125 మి.గ్రా. ఉంటుంది. అంటే నాలుగు రెట్లు చిక్కన. డ్రాపర్ పగిలిపోయిందనో, పోయిందనో ఆ సీసా మందును చెంచాతో పోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. జలుబు డ్రాప్స్ సంగతీ అంతే. మి.లీ.కి 2 మి.గ్రా. క్లోర్‌ఫెనిరమిన్, 5 మి.గ్రా. ఫినైలెఫ్రిన్ కలిసిన డ్రాప్స్ నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించమని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబరులోనే ఆదేశించారు. ఒక సీసా డ్రాపర్‌తో ఇంకో సీసా మందు కొలవడం కూడా తప్పే. దాని మీది గీతలు ఆ మందు కోసమే.

మరి సీసా మూతకు తొడిగి వచ్చే ప్లాస్టిక్ కప్పు? చెంచా కన్నా నయమే, కానీ దానిలోనూ పొరపాట్లున్నాయి. అమెరికాలో పిల్లల డాక్టరు షొన్నా యిన్ బృందం 2016లో రెండు వేలకు పైగా తల్లిదండ్రుల చేత మందు కొలిపించి చూసింది. నూటికి 84 మంది కనీసం ఒక్కసారైనా తప్పు కొలిచారు. సిరంజితో పోలిస్తే కప్పుతో చాలా ఎక్కువ తప్పులు వచ్చాయి, ముఖ్యంగా మోతాదు తక్కువగా ఉన్నప్పుడు. కప్పు వెడల్పు కనుక కొంచెం ఎత్తు తేడా వస్తే చాలు, లెక్క మారిపోతుంది. చేత్తో పైకెత్తి పై నుంచి చూసినా తప్పే. బల్ల మీద పెట్టి, మనం వంగి, గీతకు కన్ను ఎదురుగా పెట్టి చూడాలి. పెద్ద పిల్లలకు 10 మి.లీ. పోసేటప్పుడు కప్పు బాగానే ఉంటుంది. రెండున్నర, మూడు మి.లీ. పోయాలంటే మాత్రం సిరంజే మేలు.

మెడికల్ షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి అడగండి, కొద్ది రూపాయలకే ఇస్తారు. ఏదైనా మూత ఉంటే ముందే తీసి పారెయ్యండి, అది పిల్లల గొంతులో పడితే ప్రమాదం. మందు కొద్దిగా శుభ్రమైన గిన్నెలో పోసి సిరంజిలోకి లాగండి. లోపలి నల్ల రబ్బరుకు మొన వైపున్న అంచు ఏ గీత దగ్గర ఆగిందో అదే కొలత. చాలా సిరంజిల్లో గీతకూ గీతకూ 0.2 మి.లీ. ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోండి. గాలి బుడగ ఉంటే మొన పైకి పెట్టి మెల్లగా నెట్టేసి, మళ్ళీ కొలవండి. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, బుగ్గ లోపలి వైపుకు కొంచెం కొంచెంగా వదలాలి. గొంతులోకి సూటిగా కొట్టకూడదు, పొరబోతుంది.

డాక్టరు దగ్గర కూడా ఒక మొహమాటం వదులుకోవాలి. "ఒక చెంచా పట్టండి" అంటే తలూపి రాకుండా, "ఎన్ని మి.లీ. అండీ, డ్రాప్సా, సిరపా?" అని అడగండి. ఆ అంకె చీటీ మీద రాయించుకోండి. తర్వాత షాపువాడు ఇచ్చిన సీసా మీద అదే బలం ఉందో లేదో చూసుకోండి. ఒకే పేరుతో 125 ఉన్న సీసా, 250 ఉన్న సీసా పక్కపక్కనే అమ్ముతారు. బలం మారితే మి.లీ. లెక్కా మారుతుంది.

మా పక్కింటి ఆవిడ ఒక మంచి పని చేసింది. సిరంజిని సీసాకు రబ్బరు బ్యాండుతో కట్టి, చీటీ మీద పెద్ద అక్షరాలతో "5 దాకా, మూడు పూటలు" అని రాసి అంటించింది. ఎవరు పోసినా పోసినవాళ్ళు టైము రాసి సంతకం పెట్టాలట. "అత్తయ్యా, మీరు పోశారా లేదా?" అని రోజూ అడగాల్సిన పని తప్పిందని నవ్వుతూ చెప్పింది. వాళ్ళ అత్తగారు మొదట్లో "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అని సణిగినా, ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ఆవిడే గీత చూస్తోంది.