ఆకాశంలో మెట్లు

ఫొటోలో ఆకాశం మీద చారలు కనిపిస్తే ఫొటోగ్రాఫర్ ముందు మానిటర్‌ను తిడతాడు, తర్వాత ల్యాబ్‌ను. ఆల్బమ్ చేతికొచ్చాక పెళ్లివారు ఫొటోగ్రాఫర్‌ను తిడతారు. అసలు దోషి మాత్రం చాలాసార్లు ఎడిటింగ్‌లో మురిపెంగా జరిపిన ఒక స్లయిడరే. దాని పేరు నాయిస్ రిడక్షన్.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున పొద్దు గుంకాక తీసిన ఒక ఫొటోను తీసుకుందాం. ఎత్తు 4000 పిక్సెళ్లు, అందులో 2400 పిక్సెళ్ల మేర ఆకాశమే. పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ లేతబడుతుంది. ఇది జేపెగ్ అయితే ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. ఈ ఆకాశంలో నీలం పైన 120 దగ్గర మొదలై కింద 168కి చేరిందనుకోండి. అంటే 2400 పిక్సెళ్ల పొడవునా పంచుకోవడానికి దొరికినవి 48 మెట్లే. ఒక్కో మెట్టు వెడల్పు 50 పిక్సెళ్లు.

ఒక మెట్టు తేడాను కన్ను అంతగా పట్టించుకోదు. కానీ ఆకాశం చప్పగా ఉందని ఎడిటర్ కర్వ్స్ తెరిచి కాంట్రాస్ట్ రెండింతలు పెంచుతాడు. ఇప్పుడు రంగు 96 నుంచి 192 దాకా సాగుతుంది, ఉన్న ఛాయలు మాత్రం ఆ 48కి మించవు. కర్వ్ కొత్త ఛాయలను పుట్టించదు, ఉన్నవాటిని దూరం జరుపుతుందంతే. ప్రతి 50 పిక్సెళ్లకూ ఒకేసారి రెండు మెట్ల దూకుడు వస్తుంది. హిస్టోగ్రామ్ చూస్తే దువ్వెన పళ్లలా మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తాయి. దానికి తోడు, పక్కపక్కనున్న రెండు ఛాయల అంచును మన కన్ను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూస్తుంది. 1865లో ఎర్నెస్ట్ మాక్ ఈ సంగతిని వివరించాడు కాబట్టే అలా కనిపించే పట్టీలను ఇప్పటికీ మాక్ పట్టీలు అంటారు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. కెమెరా ఇచ్చిన ప్రతి జేపెగ్‌లోనూ మెట్లు 256 మాత్రమే కదా, మరి ఎడిటింగ్‌కు ముందు చారలు ఎందుకు లేవు?

సెన్సర్ నాయిస్ వల్ల. ఆకాశంలో ఒక చోట అసలు విలువ 130.3 అనుకుందాం. నాయిస్ బొత్తిగా లేకపోతే అక్కడి పిక్సెళ్లన్నీ 130కే కుదించుకుపోతాయి. ఆ 0.3 శాశ్వతంగా పోయినట్టే. కొద్దిగా నాయిస్ ఉంటే పదింటిలో ఏడు పిక్సెళ్లు 130గా, మూడు 131గా పడతాయి. దూరం నుంచి చూసే కన్ను వాటిని కలిపి 130.3గానే గ్రహిస్తుంది. ఇక మెట్టుకు అంచు ఉండదు. నున్నగా ఉండాలని ఆ చుక్కలను తుడిచేసిన చోటే చారలు పుడతాయి. రా ఫైల్ 14 బిట్లదైనా, అందులో 16,384 మెట్లున్నా, డీనాయిస్ చేసి 8 బిట్లకు దించితే కథ ఇదే.

చారలు పోవడానికి కావాలనే నాయిస్ కలపడం కొత్తగా కనిపెట్టిన చిట్కా కాదు. టెలివిజన్ చిత్రాన్ని అంకెల రూపంలో పంపడానికి ఒక్కో బిందువుకు కనీసం ఆరు బిట్లు కావాలని అనుకునే రోజుల్లో, ఎంఐటీలో లారెన్స్ రాబర్ట్స్ చిత్రానికి ముందే కొంత నాయిస్ కలిపి, అందుకునే చోట అదే నాయిస్‌ను తీసేసి, మూడు బిట్లతో పని జరిపించవచ్చని చూపించాడు. ఆ వ్యాసం 1962లో వచ్చింది. తర్వాత ఇంటర్నెట్‌కు పునాది అయిన ఆర్పానెట్‌ను నడిపించిందీ ఆయనే.

మన హుస్సేన్‌సాగర్ ఫొటో దగ్గరికి వద్దాం. ముందు చారలు ఫైల్‌లో ఉన్నాయా, తెరలో ఉన్నాయా తేల్చుకోవాలి. ఫొటోషాప్‌లో ఫొటోను 100 శాతం సైజులో పెట్టి, Info ప్యానెల్ చూస్తూ కర్సర్‌ను ఆకాశం మీద నిలువుగా మెల్లగా జరపాలి. అంకె యాభై పిక్సెళ్ల దాకా కదలకుండా ఉండి ఒక్కసారిగా రెండు దూకితే జబ్బు ఫైల్‌లోనే ఉంది. పిక్సెల్ పిక్సెల్‌కూ అంకె ఊగుతూ ఉంటే ఫైల్ బాగానే ఉన్నట్టు, చవక మానిటర్ చూపిస్తున్న చారలవి. రెండో సందర్భంలో ఫొటోకు వైద్యం చేస్తే చెడగొట్టినట్టే.

రా ఫైల్ చేతిలో ఉంటే పని సులువు. నాయిస్ రిడక్షన్ తగ్గించి, 16 బిట్లలో మళ్లీ ఎడిట్ చేస్తే సగం చారలు వాటంతటవే పోతాయి. జేపెగ్ ఒక్కటే మిగిలితే Image > Mode > 16 Bits/Channel నొక్కాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఏమీ మారలేదేమని విసుక్కుంటారు. మారదు. గది పెద్దదైంది తప్ప లోపలి సామాను అదే. మధ్య ఛాయలు పుట్టాలంటే ఆకాశాన్ని ఎంచుకుని వేరే లేయర్‌గా కాపీ చేసి, దానికి గాసియన్ బ్లర్ ఇవ్వాలి. చార వెడల్పులో సగంతో మొదలుపెట్టవచ్చు, ఇక్కడ 25 పిక్సెళ్లు. భవనాల అంచు దగ్గర సన్నని జాగా వదలాలి. లేకపోతే గోడ నలుపు ఆకాశంలోకి పాకి బూడిదరంగు ఛాయ మిగులుతుంది. మబ్బులున్న చోట బ్లర్ వద్దే వద్దు. అక్కడ చారలు ఎలాగూ కనబడవు.

ఇంకా 16 బిట్లలో ఉండగానే Filter > Noise > Add Noise తెరవాలి. 255లో ఒక శాతమంటే దాదాపు రెండున్నర మెట్లు. మన ఫొటోలో దూకుడు రెండు మెట్లే కాబట్టి Amount 1 శాతంతో మొదలెట్టడం సబబు. చార ఇంకా కనిపిస్తే 1.5, మహా అయితే 2. అంతకు మించితే అది వైద్యం కాదు, గ్రెయిన్ ఎఫెక్ట్. Monochromatic టిక్ పెట్టడం మరవకూడదు, లేదంటే నీలాకాశంలో ఎర్ర, పచ్చ చుక్కలు తేలతాయి. జింప్ వాడేవారికి RGB Noise ఉంది, అందులో Independent RGB టిక్ తీసేస్తే సరిపోతుంది. ఆ తర్వాతే 8 బిట్లకు దించాలి.

ఈ పనంతా పాడయ్యేది వరుస తప్పినప్పుడు. నాయిస్ కలిపాక ఫొటోను సగానికి తగ్గిస్తే నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ బలం కూడా సగానికి పడిపోతుంది, చారలు తిరిగొస్తాయి. అందుకే ముందు సైజు, చివర నాయిస్. ఆల్బమ్‌కు ఒక సైజు, ఇన్‌స్టాగ్రామ్‌కు మరొకటి అయితే రెండు కాపీలకూ విడివిడిగా నాయిస్ కలపాలి. బద్ధకించి ఒకే కాపీతో సరిపెట్టడం వల్లే ‘కంప్యూటర్‌లో బాగుంది, ఫోన్‌లో బాలేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని పుడతాయి.

జేపెగ్ కూడా నాయిస్‌కు పగవాడే. అది చిత్రాన్ని 8×8 గడులుగా కోసి, ప్రతి గడిలోనూ ముందు వదిలేసేది సన్నని వివరాన్నే. మనం కలిపినది సరిగ్గా అలాంటిదే. క్వాలిటీ బాగా తగ్గించి సేవ్ చేస్తే నాయిస్ పోయి, చారల బదులు గళ్లు మిగులుతాయి. నాయిస్ ఉన్న ఫైల్ కొంచెం పెద్దదవుతుంది, దానికి బాధపడకండి. ల్యాబ్‌కు పంపే కాపీని గరిష్ఠ క్వాలిటీతోనే సేవ్ చేయండి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది.