బోర్డు మీద రూపాయి వడ్డీ, విడిపించేటప్పుడు రెండు రూపాయలు

గోల్డ్ లోన్ కంపెనీ బోర్డు మీద రాసే "నూటికి రూపాయి వడ్డీ" మన కోసం కాదు. చాలా స్కీముల్లో అది నెలనెలా వడ్డీ కట్టేవాళ్లకే. మనకు డబ్బు చేతికొచ్చేది పత్తి అమ్మినప్పుడు, ఏడాదికి ఒక్కసారి. జీతగాళ్ల లెక్కను మన మెడకు చుడితే ఎట్లా?

లెక్క వేసి చూద్దాం. జూన్‌లో విత్తనాలకని అమ్మ పుస్తెల తాడు పెట్టి 50,000 తెచ్చామనుకోండి. నెలకు 500 చొప్పున కడుతూ పోతే డిసెంబరుకు వడ్డీ 3,000. కట్టకపోతే రేటు రెండు రూపాయలకు ఎక్కే స్కీము అయితే, ఆరు నెలలకు 6,000. నెలనెలా వడ్డీని అసలులో కలిపితే 6,308. ఆ 308 వడ్డీ మీద వడ్డీ. విడిపించే రోజు మదింపు ఖర్చు, నోటీసు ఖర్చు అని ఇంకో 400 వేస్తే మొత్తం 6,708. రెట్టింపు దాటింది! ఈ 400 సంగతి తాకట్టు రోజు ఎవరూ నోరు విప్పి చెప్పరు.

చెప్పాల్సిందే. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం షరతులు స్థానిక భాషలో గానీ మనం కోరిన భాషలో గానీ ఉండాలి. చదువురాని వాళ్లకు బయటి సాక్షి ముందు వివరించాలి. బాకీ తీరాక నగ అదే రోజు, లేదంటే ఏడు పనిదినాల్లోపు ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం.

కాబట్టి సంతకానికి ముందే అడుగుదాం: "నెలనెలా కట్టకుండా డిసెంబరులో ఒకేసారి విడిపిస్తే, అన్నీ కలిపి ఎంత? కాగితం మీద రాసివ్వండి." రాయనంటే తాడు తీసుకుని ఇంకో కౌంటరుకు పోదాం.