పాత మెయిల్‌కి వచ్చిన ఆ ఒక్క లింకు

ఇన్‌స్టాగ్రామ్‌లో మంగళగిరి చీరలు అమ్ముకునే ఒక పాఠకురాలు మొన్న ఫోన్ చేశారు. రాత్రి తెలిసినవాళ్ల అకౌంట్ నుంచి ‘పోటీలో నాకు ఓటెయ్యండి, మీ ఫోన్‌కి ఒక లింకు వస్తుంది, దాని స్క్రీన్‌షాట్ పంపండి’ అని మెసేజ్ వచ్చింది. ఆవిడ పంపారు. అది ఓటు లింకు కాదు, ఆవిడ అకౌంట్‌లోకి దారి. పొద్దున చూస్తే యాప్ బయటికి తోసేసింది. “పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే కోడు ఎవరిదో మెయిల్‌కి పోతోందండీ!” అన్నారు.

అక్కడే అందరూ గంటలు గంటలు పోగొట్టుకుంటారు. దొంగ మొదట చేసే పని మెయిల్ అడ్రస్ మార్చడం. ఆ తర్వాత మీరు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ రీసెట్ అడిగినా అది వాడికే చేరుతుంది. అందుకే నేను అడిగిన మొదటి ప్రశ్న: “మీ పాత జీమెయిల్ తెరిచి చూశారా?”

ఉంది. రాత్రి 11.42కి, స్పామ్‌లో. మీ అకౌంట్ మెయిల్ మారింది, మార్చింది మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి అని. మార్పు జరగ్గానే కొత్త అడ్రస్‌కి కాకుండా పాత అడ్రస్‌కి ఈ కబురు పంపడంలోనే కిటుకంతా ఉంది. ఆ లింకుకి పాస్‌వర్డ్‌తో పని లేదు. నిన్నటిదాకా అకౌంట్ ఈ అడ్రస్‌దే అన్న ఆధారం మీదే అది మార్పును వెనక్కి తిప్పుతుంది. దొంగ రెండోసారి ఇంకో అడ్రస్‌కి మార్చాడనుకోండి, ఆ కబురు వాడి మొదటి అడ్రస్‌కే పోతుంది. మీ చేతికి వచ్చేది మొదటి మార్పు మెయిల్ ఒక్కటే. కాబట్టి దాన్ని డిలీట్ చేయకండి. లింకుకి గడువు కూడా ఉంటుంది, రేపు చూద్దాం అనుకోకండి.

కానీ నొక్కేముందు రెండు నిమిషాలు ఆగాలి. ఇదే అచ్చులో దొంగ మెయిళ్లూ వస్తాయి. అసలుది `security@mail.instagram.com` నుంచి వస్తుంది. పంపినవారి పేరు కాదు, దాని మీద నొక్కితే కనిపించే పూర్తి అడ్రస్ చూడండి. లింకును వేలితో నొక్కి పట్టుకుంటే అది ఎక్కడికి పోతుందో కనిపిస్తుంది. అది `instagram.com` సైటే కావాలి, ముందో వెనకో ఇంకో పేరు తగిలించినది కాకూడదు. నాకు నచ్చిన పరీక్ష ఇంకోటుంది. మెయిల్ పక్కనపెట్టి యాప్ తెరవండి. మామూలుగానే తెరుచుకుని, సెట్టింగ్స్‌లో మీ పాత మెయిలే ఉంటే, ఏ మార్పూ జరగలేదు. వచ్చిన మెయిల్ బూటకం.

అంతకంటే ముందు ఇంకో సంగతి. దొంగ మీ జీమెయిల్‌లో కూడా ఉంటే, మీరు వెనక్కి తిప్పింది వాడు మళ్లీ ముందుకు తిప్పుతాడు. అందుకే ఆవిడ చేత ముందు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్పించాను. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడమన్నాను. ఇన్‌స్టాగ్రామ్ మెయిళ్లన్నీ నేరుగా చెత్తబుట్టలో పడేలా ఫిల్టర్ పెట్టే ఘనులు ఉన్నారు మరి. మెయిల్ ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్, ట్రాష్ రెండూ వెతకాలి.

లింకు నొక్కారు. మెయిల్ వెనక్కి వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టారు. “వచ్చేసిందండీ!” అని ఫోన్ పెట్టేయబోతుంటే ఆపాను. లింకు వెనక్కి తిప్పేది మెయిల్‌ని మాత్రమే. దొంగ చేర్చిన మిగతావన్నీ అలాగే ఉంటాయి. ఆవిడ అకౌంట్స్ సెంటర్‌లో చూస్తే తెలియని ఫోన్ నంబరొకటి, ముక్కూమొహం తెలియని ఇంకో అకౌంట్ జతచేసి ఉన్నాయి. రెండూ తీసేశాం. లాగిన్ అయి ఉన్న డివైజుల జాబితాలో తన ఫోన్ తప్ప అన్నీ లాగౌట్ చేయించాం. ఆ తర్వాతే టూ ఫ్యాక్టర్ పెట్టుకున్నారు.

ఆ టూ ఫ్యాక్టర్‌ని దొంగే ముందు పెట్టేసి ఉంటే కథ మారుతుంది. మెయిల్ తిరిగొచ్చినా లాగిన్‌లో వాడి ఫోన్‌లోని కోడు అడుగుతుంది. అప్పుడు `Try another way` నొక్కి సపోర్ట్‌ని అడగాలి. లింకు గడువు దాటినా, పాత మెయిల్ అసలు మూతపడినా దారి `instagram.com/hacked`. మీ ఫొటోలున్న అకౌంటయితే మొహం అటూ ఇటూ తిప్పుతూ వీడియో సెల్ఫీ అడగవచ్చు. చీరల ఫొటోలే ఉన్న అకౌంట్‌కి ఆ దారి పనికిరాదు. మొదట్లో ఇచ్చిన మెయిల్, నంబరు, వాడిన ఫోన్ రకం లాంటి వివరాలు అడుగుతారు.

ఆవిడ పేరుతో ఆ రాత్రి ఇద్దరు కస్టమర్ల దగ్గర దొంగ అడ్వాన్స్ కూడా వసూలు చేశాడు. వాళ్లిద్దరినీ వెంటనే 1930కి ఫోన్ చేయమని చెప్పాం.